పదిహేనుతో హెచ్చవేసిన పులుసు

మా అక్క కూతురు ఒక కాగితం పంపి సరిచూడమంది. కోవెలకుంట్ల దగ్గర ఆమె అత్తగారి ఊళ్లో దేవర జరుగుతోంది. ఇంటికి తొంభై మంది దాకా వస్తారు, పొట్టేలు కూర, రాగి సంగటి పెట్టాలి. ఇంట్లో ఆరుగురికి చేసే పులుసు దానికి బాగా వచ్చు. అందుకే ఒక పక్క ఆరుగురి కొలతలు రాసి, పక్కనే అన్నిటినీ పదిహేనుతో హెచ్చవేసింది. మాంసం కిలోకి పదిహేను కిలోలు, ఉల్లిగడ్డలు పావుకిలోకి మూడు కిలోల ముప్పావు, నీళ్లు లీటరుంపావుకి 18.75 లీటర్లు, కారప్పొడి 25 గ్రాములకి 375, లవంగాలు నాలుగుకి అరవై. ఎక్కడా తప్పు లేదు. చివరి వరుసలో మాత్రం ‘ఉడికే సమయం గంట’ అని రాసి, దాని ఎదుట ఖాళీ వదిలేసి చిన్న ప్రశ్నార్థకం పెట్టింది. పదిహేను గంటలు అని రాయడానికి చేయి రాలేదు. గంటే అని రాయడానికి ధైర్యం చాలలేదు. ఆ ప్రశ్నార్థకం దగ్గరే నా మనసు ఆగిపోయింది. సమయం దగ్గర వచ్చిన అనుమానం నీళ్ల దగ్గర ఎందుకు రాలేదు? నూనె దగ్గర, లవంగాల దగ్గర ఎందుకు రాలేదు? బహుశా గ్రాముల్లో, లీటర్లలో ఉన్నది ఏదైనా హెచ్చవేతకు లొంగుతుందని మనకు చిన్నప్పటి ఎక్కాల పుస్తకం నేర్పిన నమ్మకం కావచ్చు.

పెద్ద వంటల్లో మసాలా లెక్క ప్రకారం పెరగదని ఊళ్లో అందరూ అంటారు. పదింతల మందికి పదింతల కారం వేస్తే నోట్లో పెట్టుకోలేమని మా అమ్మ అనేది, వాళ్లమ్మా అనేదట. ఎందుకని అడిగితే ‘అది అంతే’ అనేవాళ్లు. ఆ జవాబు నాకెప్పుడూ మింగుడుపడలేదు. ఆలోచించి చూడండి, నాలుకకు తెలిసేది ఒక ముద్దలో కారం ఎంతుందన్నదే. ఆ ముద్ద చిన్న గిన్నెలోంచి వచ్చిందా, పెద్ద డేగిశాలోంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. మాంసం, నీళ్లు, ఉప్పు, కారం అన్నీ పదిహేనింతలైతే ముద్దలో కారం పాలు మారడానికి వీల్లేదు. మరి అనుభవం ఇంకోలా ఎందుకు చెబుతోంది? అంతమంది వంటవాళ్లు, అన్ని తరాలు ఒకే మాట అంటుంటే అది ఉత్త భ్రమ అనుకోవడానికీ మనసు ఒప్పదు. చాలాకాలం ఈ రెంటి మధ్యా ఊగాను. నిజానికి లెక్క తప్పేది కారంలో కాదు, నీళ్లలో, మంటలో అని ఇప్పుడు అనుకుంటున్నాను. కారం చేసిన నేరం ఏమీ లేదు, పక్కవాళ్ల తప్పు దాని మీద పడుతోంది.

ఆ కాగితంలో నీళ్ల వరుసనే తీసుకుందాం. మా పిల్ల వాడే గిన్నె అడ్డంగా 24 సెంటీమీటర్లు. అదే ఆకారంలో పదిహేనింతలు పట్టే డేగిశా కావాలంటే దాని అడ్డం 360 సెంటీమీటర్లు ఉండదు, 59 ఉంటే చాలు, ఎందుకంటే అది ఎత్తులోనూ అంతే పెరుగుతుంది. అడ్డం రెండున్నరింతలకు కాస్త తక్కువగా పెరిగింది, లోపలి సరుకు పదిహేనింతలయింది, ఆవిరి పోయే పైముఖం మాత్రం ఆరింతలే అయింది. ఆకారం పెరుగుతున్నప్పుడు లోపలి పరిమాణం ఒక దారిన, పైముఖం ఇంకో దారిన పెరుగుతాయన్న ఈ సంగతిని గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో ఎముకలను, దూలాలను చూపించి వివరించాడు. ఆయన ఎముకల గురించి చెప్పిందే ఎముకల పులుసుకీ వర్తిస్తుంది. ఇంట్లో గంటసేపు సన్న సెగ మీద ఉడికితే లీటరుంపావు నీళ్లలో సుమారు 450 మిల్లీలీటర్లు ఆవిరై 800 మిగులుతాయి. పులుసు చిక్కదనమంతా ఆ పోయిన నీళ్లలోనే ఉంది. కాగితం మాత్రం తనకు తెలియకుండానే ఆవిరిని కూడా పదిహేనుతో హెచ్చవేసి, దాదాపు 6.75 లీటర్లు ఇంకిపోతాయని అనుకుంటోంది. అదే సన్న సెగ మీద పెద్ద డేగిశాలో గంటకు పోయేది ఆరింతలే, అంటే 2.7 లీటర్లు. పన్నెండు లీటర్లు మిగలాల్సిన చోట పదహారు మిగులుతాయి. నాలుగు లీటర్ల నీళ్లు ఎక్కువ.

ఆ తర్వాత ఏం జరుగుతుందో పెళ్లిళ్ల వెనక పందిట్లో నిలబడి చూసినవాళ్లకు తెలుసు. గంట గడిచాక మూత తీసి గరిటెతో అందుకుంటే పులుసు పలచగా జారుతుంది. రుచి చూస్తే ఉప్పూ కారమూ చప్పగా ఉంటాయి, ఉండాలి కూడా, పన్నెండు లీటర్లకు సరిపడే కారం పదహారు లీటర్లలో ఉంది కనుక. వెంటనే ఎవరో ఒకరు ఇంకో చారెడు కారం, పిడికెడు ఉప్పు వేయిస్తారు. రుచి సరిపోతుంది. కానీ పలుచన పోలేదు కాబట్టి ఇంకా ఇగరబెడతారు. ఆ నాలుగు లీటర్లు సన్న సెగ మీద ఇగరడానికి మరో గంటన్నర పడుతుంది. ఈలోగా ముక్క ఎముకను వదిలేసి పీచులు పీచులవుతుంది. నీళ్లు పోతాయి గానీ వేసిన కారం ఎక్కడికీ పోదు, ఉప్పు అసలే పోదు. 375 గ్రాములతో సరిపోవాల్సిన కూరలో 500 గ్రాముల కారం మిగులుతుంది. అప్పుడు అందరూ ఒకే మాట అంటారు, పెద్ద వంటకు లెక్క ప్రకారం కారం వేస్తే ఇంతే అని. మా అమ్మ చెప్పిన ‘అది అంతే’ వెనక ఈ కథే ఉండి ఉంటుందా? అన్ని ఇళ్లలోనూ ఇదే జరిగిందని చెప్పలేను గానీ, వరుస మాత్రం ఇదే అనిపిస్తుంది.

అందుకని నీళ్లను వెనక నుంచి లెక్కవేయాలి. చివర్లో ఎంత మిగలాలో ముందు నిర్ణయించుకుని, దానికి ఆ డేగిశాలో పోయే ఆవిరిని కలపాలి. పన్నెండుకు 2.7 కలిపితే 14.7, పదిహేను లీటర్లు పోస్తే సరి. అక్కడా ఒక చిక్కుంది. ఆవిరి ఎంత పోతుందన్నది పైముఖం ఒక్కటే తేల్చదు, కింద మంట ఎంతన్నదీ తేలుస్తుంది. కంది కట్టె పెడితే మంట భగ్గున లేచి పులుసు తెర్లుతుంది, తుమ్మ మొద్దులు పెడితే నిప్పు నిలిచి నిదానంగా కాగుతుంది. మూత ఓరగా పెట్టామా, బోర్లా మూసేశామా అన్నది ఇంకొకటి. అందుకే మా వైపు పెద్ద వంటలు చేసే ఒకాయన గరిటె కాడనో, శుభ్రంగా చెక్కిన వేపపుల్లనో డేగిశాలో నిలువుగా ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గోరుతో గీత పెట్టుకుంటాడు. అరగంటకు మళ్లీ ముంచి చూస్తాడు. ఎందుకన్నా అని అడిగితే ఆయన చెప్పింది ఇంతే. ‘నీళ్లు లెక్కలో పొయ్యగూడదక్కా, డేగిశాని సూసి పొయ్యల్ల. తక్కువైతే పక్కన ఎసరు కాగుతా ఉంది గదా, పోస్తాము. ఎక్కువైతే యాడికి తోడి పొయ్యల్ల?’ పక్క పొయ్యి మీద ఎప్పుడూ ఒక గంగాళం ఎసరు కాగుతూ ఉండటం ఆయన పద్ధతిలో సగం. చన్నీళ్లు పోస్తే అంత పెద్ద డేగిశా మళ్లీ కాగు పట్టడానికి చాలాసేపు పడుతుంది.

ఇక మా పిల్ల ఖాళీ వదిలేసిన సమయం సంగతి. ముక్క ఉడకడానికి పట్టే కాలం ఆ ముక్క ఎంత లావుగా ఉంది, పొట్టేలు ఎంత ముదురుది అన్న రెంటి మీదే ఆధారపడుతుంది. పక్కన ఇంకెన్ని ముక్కలున్నాయో దానికి పట్టదు. పులుసు ఒకసారి కాగాక, ఒక ముక్కకు గంట పడితే వెయ్యి ముక్కలకూ గంటే. కాబట్టి హెచ్చవేత అక్కర్లేదన్న మాట సగం నిజం. మిగతా సగం మంట దగ్గర తేలుతుంది. ఇంటి పొయ్యి మీద రెండున్నర కిలోల సరుకు కాగడానికి పది నిమిషాలైతే, ముప్పై అయిదు కిలోలకు పైగా ఉన్న డేగిశాకు అదే పొయ్యి పెడితే రెండున్నర గంటలు. కాగేలోపే అడుగున ఉన్న ముక్కలు సగం ఉడికిపోతాయి, పైవి ఇంకా గోరువెచ్చగా ఉంటాయి. మూడు రాళ్ల పొయ్యి, పెద్ద గ్యాసు పొయ్యి ఉన్నది ఇందుకే. మంట కూడా సరుకుతోపాటు పెరగాలి. ఎంత పెంచినా కాగు పట్టడానికి ఇంట్లో కంటే ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలోనే ఉడుకు కొంత జరిగిపోతుంది. తర్వాత దించాక ఇంకోటి జరుగుతుంది. ఆవిరికి అడ్డొచ్చిన లెక్కే వేడికీ అడ్డొస్తుంది. చిన్న గిన్నె గంటలో చల్లారితే, పెద్ద డేగిశా అంతే చల్లారడానికి రెండున్నర గంటలు తీసుకుంటుంది. మంట ఆర్పాక కూడా ముక్క ఉడుకుతూనే ఉంటుంది. అందుకే మాంసం ఎముకను ఇంకా కాస్త పట్టుకొని ఉండగానే నిప్పు కిందినుంచి లాగెయ్యాలి. పక్కన పెట్టుకున్న కూర మిగిలితే ఇదే గుణం శత్రువవుతుంది. ఆ డేగిశాలోనే రాత్రంతా వదిలేస్తే నడిమధ్యన గోరువెచ్చదనం గంటల తరబడి నిలిచి తెల్లారేసరికి పులిసిపోతుంది. వెడల్పాటి పళ్లేల్లో పలచగా పరిచి చల్లార్చి తీసిపెట్టుకోవాలి.

ఉల్లిగడ్డల దగ్గర మాత్రం సమయం నిజంగానే పెరుగుతుంది. ఉల్లిగడ్డలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా నీళ్లే. పావుకిలో వేస్తే ఆ నీళ్లు ఊరినవి ఊరినట్టు ఎగిరిపోయి ముక్కలు ఎర్రబడతాయి. మూడు కిలోల ముప్పావు ఒక్కసారిగా కుమ్మరిస్తే పైపొరల బరువు కింద అడుగుపొర తన నీళ్లలో తానే ఉడుకుతుంది. అరగంటయినా తెల్లగా, మెత్తగా, తియ్యగా ఉంటుంది తప్ప వేగదు. నూనె చాలలేదేమో అనుకుని పైన నూనె పోస్తారు. అది అప్పటికి కనబడదు, చివర్లో పులుసు మీద వేలు మందాన తేలుతుంది. ఇంట్లో 80 గ్రాముల నూనె పోసేది గిన్నె అడుగంతా పరుచుకోవడానికి. అడుగు ఆరింతలే అయినప్పుడు పదిహేనింతల నూనె, అంటే కిలోకు పైగా, ఎందుకు? పొట్టేలు మాంసం తన కొవ్వు తానే వదులుతుంది కూడా. 700, 800 గ్రాములతో మొదలుపెట్టి, ఉల్లిగడ్డలను వెడల్పు బాణలిలో మూడు విడతలుగా వేయించుకుంటే చాలు. నిమిషాలు చూడటం ఇక్కడ పనికిరాదు. చుయ్‌మనే తడి చప్పుడు తగ్గి, నూనె బాణలి అంచున విడివడి కనబడితే అయినట్టు. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోవడానికీ అదే గుర్తు.

నీళ్లు సరిచేసుకున్నాం, నూనె సరిచేసుకున్నాం. ఇప్పుడు కారం 375 గ్రాములూ వేసేయవచ్చా? నా తర్కం ప్రకారం వేయవచ్చు. అయినా నేను వేయను. ఇంట్లో రాసుకున్న 25 గ్రాములు నిజానికి మూడు చెంచాలు, అవి తలకొట్టినవో కుప్పగా ఉన్నవో ఎవరికి గుర్తు? ఒక్కో చెంచాలో రెండు గ్రాములు ఎక్కువ పడ్డా పదిహేనింతలయ్యేసరికి 90 గ్రాములు తేడా. చెంచాతో రాసిన వంటను హెచ్చవేసే ముందు ఒకసారి తూకం వేసి రాసుకోవాలి. రెండోది, చెక్క, లవంగం లాంటి నిలువు మసాలా తన సారాన్ని నిదానంగా వదులుతుంది. దించాక కూడా రెండు గంటలు వేడి పులుసులో నానే లవంగం, ఇంట్లో గంటలో తిని ముగించే లవంగం కంటే ఎక్కువ ఇస్తుంది. అందుకే అరవైకి బదులు నలభై వేసి, సరిపోకపోతే చివర్లో కాస్త పొడి చల్లుకోవడం మేలు. అన్నిటికంటే బలమైనది మూడోది. తక్కువైతే వేయగలం, ఎక్కువైతే తీయలేం. కారం మూడు పాళ్లు, అంటే 280 గ్రాములు, మొదట వేసి, మిగతా పాలు విడిగా ఉంచుకోవాలి. చివర్లో కావలసివస్తే పచ్చి పొడిని పైన చల్లకూడదు, పచ్చివాసన కొడుతుంది. డేగిశా మీద తేలిన నూనెనే ఒక గరిటెడు తీసి, పొయ్యి పక్కన ఆ కారాన్ని అందులో వెచ్చజేసి కలపాలి. ఉప్పు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. అది చివర్లో మిగిలే పులుసును బట్టే ఉంటుంది గనుక 300 గ్రాముల్లో 250 ముందు వేసి, చిక్కదనం కుదిరాకే మిగతాది తేల్చుకోవాలి.

రుచి ఎలా చూస్తామన్నదీ ముఖ్యమే. తెర్లుతున్న పులుసును గరిటెతో అరచేతిలో పోసుకుని నాకితే అసలు కన్నా ఎక్కువ మండుతుంది. మిరపలోని ఘాటును గుర్తించే గ్రాహకమే వేడినీ గుర్తిస్తుంది. ఆ గ్రాహకాన్ని మిరప ఘాటు సాయంతో కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. వేడీ ఘాటూ కలిసి ఒకే తలుపు తడుతుంటే, కారం ఎంతో నాలుక ఎలా తేలుస్తుంది? గిన్నెలో కాస్త తీసి చల్లారనిచ్చి, ఒక చిన్న సంగటి ముద్ద అద్దుకుని తినాలి. సంగటికి తనదంటూ ఉప్పుండదు, కారముండదు. ఉత్త పులుసులో కాస్త ఎక్కువనిపించే ఉప్పు సంగటితో సరిపోతుంది.

బడుల్లో మధ్యాహ్న భోజనానికి కేంద్రం పెట్టిన కొలతల పట్టిక నాకు ఈ సందర్భంలో గుర్తొచ్చింది. చిన్న తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30, 75, ఏడున్నర. అంతా పిల్లల సంఖ్యతో హెచ్చవేసుకోవడమే. ఉప్పు, మసాలా దినుసుల వరుసకు వచ్చేసరికి మాత్రం అంకె లేదు, ‘అవసరం మేరకు’ అని ఉంటుంది. సరుకు లెక్క దాటి వంట లెక్క మొదలయ్యే చోటు అదే. కానీ ఆ పట్టికలో నూనెకు కూడా అంకె ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అది పిల్ల ఒంటికి చేరాల్సిన కొవ్వు లెక్క, బాణలి అడుగు లెక్క కాదు. రెండు లెక్కల అవసరాలు వేరు.

మా పిల్ల అత్తగారి ఊరికి దగ్గర్లోనే ఉయ్యాలవాడ ఉంది, అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. 1866 కరువులో అక్కడ బుడ్డా వెంగళరెడ్డి వేలమంది ఆకలి తీర్చాడని ఈ ప్రాంతమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. అన్ని వేలమందికి రోజూ వండినవాళ్లు ఎసరు ఎలా పెట్టుకున్నారో, ఎన్ని కొప్పెరలు పొయ్యెక్కేవో అని ఆలోచిస్తాను. అన్నమైతే వార్చుకునే వంట కాబట్టి నీళ్లు ఎక్కువైనా గంజిగా బయటికి వస్తాయి, ఆ గంజీ తాగుతారు. ఎసరు సరిగ్గా ఇంకాలన్న పట్టింపు వార్చే అన్నానికి లేదు. పెద్ద పంక్తులకు తరతరాలుగా వార్చిన అన్నమే ఎందుకు వండారో నాకు దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

సంగటి అలా కాదు, అది వార్చే వంట కాదు. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పైన కుప్పగా పోసి, కట్టెతో మధ్యలో గుంటలు పెట్టి, మూత వేసి సెగ తగ్గిస్తాం. కింది నీళ్ల ఆవిరి ఆ గుంటల్లోంచి పిండిలోకి ఎక్కాలి. తొంభై మందికి సరిపడా పిండి ఒకే డేగిశాలో పోస్తే ఆ కుప్ప జానెడు మందం అవుతుంది. మందం రెండింతలైతే వేడి నడిబొడ్డుకు చేరడానికి దాదాపు నాలుగింతల కాలం పడుతుంది. పైన ఆవిరి కమ్మినా లోపల పిండి పచ్చిగానే ఉంటుంది, అడుగు మాత్రం మాడుతుంది. పైగా కెలకడం ఒకటుంది. ఇద్దరు మనుషులు కట్టె పట్టుకున్నా పాతిక కిలోల సంగటిని గడ్డలు లేకుండా తిప్పలేరు, మనిషి భుజబలం మందిని బట్టి పెరగదు కదా. తడి చేత్తో తాకితే అంటుకోకూడదన్నది ఉడికిందనడానికి గుర్తు. ఆ గుర్తు పైన ఒకలా, లోపల ఒకలా వస్తుంటే ఎలా నమ్మాలి?

అందుకే కాగితంలో సంగటి వరుసను మొత్తం కొట్టేసి కొత్తగా రాశాను. తొంభై మంది ఒకేసారి కూర్చోరు, వాళ్ల వసారాలో పట్టేది ముప్పై మందే, మూడు బంతులు లేస్తాయి. పులుసు ఒకే డేగిశాలో ముందే అయిపోవాలి. సంగటి మాత్రం బంతికి రెండు గిన్నెల చొప్పున, ఒక్కో గిన్నె పదిహేను మందికి. ఆకులు పరిచేటప్పుడు ఆ రెంటినీ కెలికి ముద్దలు చేయాలి, తర్వాతి రెండింటికి ఎసరు అప్పుడే కాగుతుండాలి. పదిహేను మందికి చేసే గిన్నె ఆరుగురి గిన్నెకు దగ్గరి చుట్టమే కాబట్టి నీళ్లు రెండున్నరింతలకు కాస్త తక్కువగా పోస్తే సరిపోతుంది. మూడో బంతి లేచేసరికి పులుసులోని ఎండుకొబ్బరి, గసగసాల ముద్ద నీళ్లు పీల్చుకుని చిక్కబడి ఉంటుంది. దాని కోసం కొంచెం ఉప్పు వేసిన ఎసరు రెండు లీటర్లు విడిగా పక్కన పెట్టుకొమ్మని, ఒకేసారి పోసేయకుండా గరిటె గరిటెగా కలుపుకొమ్మని చివరి వరుసలో రాసి పంపాను.